బాబాయి వాయిస్ నోట్ నుంచి ఒక్క విన్నపం దాకా: నా అనుభవం

గత నెలలో మా బాబాయి 6 నిమిషాల వాయిస్ నోట్ పంపి, దాన్ని విద్యుత్తు శాఖ ఏఈ గారికి పంపదగిన సందేశంగా రాసిపెట్టమని అడిగారు. ఫోనులో దాన్ని అక్షరాల్లోకి మార్చగా దాదాపు 700 మాటలు వచ్చాయి. ఎక్కడా చుక్క లేదు, కామా లేదు. కాలిపోయిన మోటార్లు, ఒరిగిన స్తంభం, లైన్‌మన్ అన్న మాట, పక్క పొలం వారితో తగవు, అన్నీ కలగలిసిపోయి ఉన్నాయి.

మొదట ఆయన చెప్పిన వరుసలోనే ఒక్కొక్క వాక్యాన్నీ కుదించాను. 200 మాటలకు తగ్గింది గానీ, చదివినవారు ఏం చేయాలో మాత్రం తేలలేదు. అప్పుడు ఫోన్ చేసి, "బాబాయ్, ఏఈ గారు మీకు ఒక్క పనే చేసిపెడతారంటే ఏది అడుగుతారు?" అన్నాను. "ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు కొలిపించమనరా, మిగతావి తర్వాత చూసుకుందాం" అన్నారు. వాయిస్ నోట్‌లో ఆ మాట నాలుగో నిమిషంలో, మోటారు రివైండింగ్ ఖర్చు చెబుతూ మధ్యలో ఒక్కసారే వచ్చింది.

ఆ విన్నపాన్ని పైన రాసుకుని, దానికి ఆధారంగా నిలిచే విషయాలను మాత్రమే ఏరుకున్నాను. అంకెల కోసం ఆడియో మళ్లీ వినక తప్పలేదు, ఎందుకంటే ఆయన "ఏడు మోటార్లు" అన్నది అక్షరాల్లో "మూడు మోటార్లు" అయింది; కాలిపోయినవి మొదట రెండని, వెంటనే "కాదు కాదు, మూడు" అని సవరించుకున్న చోట రెండు అంకెలూ మిగిలాయి. అంతకన్నా జాగ్రత్త పడవలసింది "అంట" దగ్గర. "కొత్తది మంజూరైందంట" అన్న మాటను కుదిస్తే "మంజూరైంది" అవుతుంది, విన్నది కాస్తా నిజమని రాసినట్టవుతుంది. బాబాయి కళ్లారా చూసినవే ఉంచి, అలాంటివి తీసేశాను.

వాయిస్ నోట్ వినని పిన్నికి చదివి వినిపిస్తే, "ఏ ట్రాన్స్‌ఫార్మర్?" అని అడిగింది. బాబాయి అంతటా "మనది" అనే అన్నారు. నేనూ అలాగే వదిలేశాను. చోటు చేర్చాక సందేశం ఇలా తేలింది:

"నమస్కారం సార్. మా ఊరి చెరువుగట్టు కింద ఉన్న 25 కేవీఏ వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌పై, మోటార్లన్నీ నడుస్తున్న వేళ, ఈ వారంలో ఒకసారి లోడు కొలిపించవలసిందిగా కోరుతున్నాను. దానిపై 5 హెచ్‌పీ మోటార్లు 7 ఉన్నాయి. గత రెండు నెలల్లో 3 కాలిపోయాయి. సిబ్బంది వచ్చే రోజు తెలియజేస్తే నేను అక్కడ ఉంటాను. నా సర్వీసు నంబరు కింద ఇస్తున్నాను."

స్తంభం సంగతి లేదేమని బాబాయి అడిగారు. ఒరిగిన స్తంభం ప్రమాదం కాబట్టి అది ఈ సందేశంలో మరుగున పడకూడదని చెప్పి, ఫొటోతో వేరే సందేశంగా అదే రోజు రాసి ఇచ్చాను.