డబ్బా మీద డాల్బీ విజన్, తెర మీద చీకటి

నిన్న రాత్రి పదకొండున్నరకి మా టీవీ మూలన Dolby Vision అన్న అక్షరాలు వెలిగాయి. మూడు సెకన్లుండి పోయాయి. వాటి కోసం ఇరవై రెండు రోజులు తిప్పలు పడ్డాను, మా ఇంటికొచ్చిన ఒక మనిషి చేత మాట పడ్డాను. ఆ మంట ఆరకముందే రాసి పడేస్తున్నాను.

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు మీదున్న పర్లాకిమిడి. చిన్న ఫోటో స్టూడియో ఉంది. కెమెరా మా ఆయన చూసుకుంటారు, కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్‌లు తయారు చేసేది నేను. పద్నాలుగేళ్లుగా ఒడియా పెళ్లిళ్లూ తెలుగు పెళ్లిళ్లూ నా చేతి మీదుగా పోతున్నాయి. దసరాకి శ్రీకాకుళం వెళ్లి 55 అంగుళాల టీవీ కొన్నాం. కొనడం, తేవడం, గోడకి బిగించడం ఒక్క రోజులో అయిపోయాయి. డబ్బా మీద హెచ్‌డీఆర్10, హెచ్‌ఎల్‌జీ, డాల్బీ విజన్ అని వరసగా గుర్తులున్నాయి. అన్నీ హెచ్‌డీఆర్‌లో రకాలే, అంటే వెలుగుకీ నీడకీ మధ్య తేడా మామూలు బొమ్మలో కన్నా ఎక్కువగా చూపించేవి. పాత 43 అంగుళాల టీవీని స్టూడియోకి పంపేసి, దానికున్న స్ట్రీమింగ్ స్టిక్ మాత్రం పీకి కొత్తదానికి గుచ్చాం.

ఆ రాత్రే ఒక వెబ్ సిరీస్ పెట్టాం. పగటి సీన్లు బాగానే ఉన్నాయి. తర్వాత అడవిలో లాంతరు పట్టుకుని ఇద్దరు నడిచే సీన్ వచ్చింది. మా అత్తయ్య కాసేపు చూసి, "కరెంటు పోయిందేటే?" అంది. పోలేదు. ఫ్యాను తిరుగుతోంది. తెర మీద లాంతరు మసకగా ఒక చుక్క, మిగతాదంతా మసి. ఆ ఇద్దరి ముఖాలు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు.

ఏం జరుగుతోందో నా పని భాషలో చెబుతాను. ఒక పెళ్లిలో నాలుగు వందల ఫోటోలు ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో ఊరేగింపు ఉంటుంది, అర్ధరాత్రి దీపాల వెలుగులో తలంబ్రాలు ఉంటాయి. ఎండ ఫోటోలో తెల్ల చొక్కా కాలిపోకుండా వెలుగు తగ్గించే కర్వ్ ఒకటి గీసి, బద్ధకించి అదే కర్వ్ నాలుగు వందల ఫోటోలకీ వేసేశాననుకోండి. ఎండ ఫోటో బాగుంటుంది. తలంబ్రాల ఫోటో సచ్చిపోతుంది. అందులో తగ్గించాల్సినంత వెలుగు అసలు లేనే లేదు కదా!

మామూలు హెచ్‌డీఆర్10 సినిమా టీవీకి ఇచ్చే చీటీ అలాంటిదే. సినిమా మొత్తానికి ఒక్కటే చీటీ: దీన్ని ఎంత వెలుగున్న మానిటర్ మీద తయారు చేశారు, మొత్తంలో అన్నిటికన్నా వెలుగైన చుక్క తెర వెలుగుని కొలిచే నిట్లలో ఎంత, అన్నిటికన్నా వెలుగైన ఫ్రేము సగటు ఎంత. అంతే. చీటీ మీద 1000 నిట్లు అని ఉందనుకోండి. మా టీవీ గట్టిగా వెలిగితే 350 నిట్ల దగ్గర ఆగిపోయే రకం. వెయ్యిని మూడు వందల యాభైలో ఇరికించాలి. ఎలా ఇరికించాలో ఎక్కువగా టీవీ కంపెనీ ఇష్టం. కొన్ని టీవీలు నీడల్ని ముట్టుకోకుండా పై వెలుగుల్ని కాలిపోనిస్తాయి. మాది అన్నిటినీ కలిపి కిందికి నొక్కే రకం. అడవి సీన్లో లాంతరే మహా అయితే 90 నిట్లు ఉంటుందేమో. మా టీవీకి అది అసలు లెక్క కాదు, ఉన్నదున్నట్టు చూపించగలదు. కానీ ఈ సీన్లో ఇంతేనని దానికి చెప్పినవాళ్లు లేరు. ఎక్కడో పగటి సీన్లో వచ్చే వెయ్యిని తల్చుకుని లాంతర్నీ నొక్కేసింది, ముఖాల్నీ నొక్కేసింది.

డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10+ లాంటివి చీటీని సీన్ సీన్‌కీ, కావాలంటే ఫ్రేము ఫ్రేముకీ మారుస్తాయి. నేను ఫోటో ఫోటోకీ వేరే కర్వ్ వేసినట్టు. అడవి సీన్ రాగానే ఇక్కడ పై వెలుగు ఇంతే అని టీవీకి చేరుతుంది, టీవీ నొక్కడం మానేస్తుంది. టీవీ దాని 350 నిట్లని దాటి వెలుగుతుందని కాదు. ఉన్న వెలుగుని ఎక్కడ ఖర్చు పెట్టాలో దానికి తెలుస్తుంది. వెలుగు తక్కువున్న టీవీకే ఇది ఎక్కువ పనికొస్తుంది, ఇరికించే బాధ దానికే ఎక్కువ కాబట్టి.

ఇదంతా నాకు ఆ రాత్రి తెలియదు. డబ్బా మీద డాల్బీ విజన్ ఉంది, టీవీలో అది రావడం లేదు కాబట్టి టీవీ పాడు అనుకున్నాను. కంప్లైంట్ పెట్టాను. ఇక్కడ మొదలైంది. కొన్నది శ్రీకాకుళంలో, పిన్‌కోడ్ ఒడిశాది, నా ఫోన్ నంబరు ఆంధ్రాది. శ్రీకాకుళం వాళ్లు మీది బరంపురం పరిధి అన్నారు. బరంపురం వాళ్లు కొన్నచోటే అడగమన్నారు. ఆంధ్రా వైపున్న పాతపట్నం మాకు పక్కనే, సరుకులకి నడిచి వెళ్లినట్టు వెళ్తాం, కానీ సర్వీసు వాళ్ల కంప్యూటర్లో మధ్య ఒక సముద్రం ఉన్నట్టుంది. పదకొండో రోజుకి ఒక ఇంజినీరు వచ్చాడు.

కంప్లైంట్ పెట్టింది నేను. రిమోట్ పట్టుకుని నిలబడింది నేను. అతను కూర్చుని మా ఆయన వైపు తిరిగి, "ఏంటి సార్ ప్రాబ్లం?" అన్నాడు. నేను అడవి సీన్ పెట్టి చూపించాను. "హెచ్‌డీఆర్ వస్తోంది కద సార్, పైన రాసుంది చూడండి" అన్నాడు. డాల్బీ విజన్ రావాలి, ఇది మామూలు హెచ్‌డీఆర్ అన్నాను. నవ్వాడు. "అన్నీ ఒకటే మేడం. కంపెనీ వాళ్లు పేర్లు పెడతారు. సినిమా అలాగే తీశారు, చీకటి సీన్ చీకటిగా కాక ఎలా ఉంటది?" అని, నా చేతిలోంచి రిమోట్ తీసుకుని పిక్చర్ మోడ్‌ని Vivid చేశాడు. బ్రైట్‌నెస్ పెంచేశాడు. నలుపు కాస్తా బూడిద రంగైంది. అడవి మీద ఎవరో పిండి చల్లినట్టుంది. అప్పుడు మా అత్తయ్య అందీ, "ఇప్పుడు బాగుందమ్మా. మనుషులు కనబడతన్నారు" అని.

రోజూ పది గంటలు నలుపు ఎక్కడ మొదలవుతుందో చూసి బతికే దాన్ని నేను. వధువు జడ నల్లగా రావాలి, కానీ అందులో వెంట్రుకలు విడిగా కనబడాలి, దానికే జనం మా స్టూడియోకి వస్తారు. నాకు నలుపు గురించి చెప్పి, పైగా "మేడంకి కొంచెం అలవాటు కావాలి సార్" అని మా ఆయనతో అని వెళ్లాడు. మా ఆయన ఊరుకున్నారు. దానికి వేరే లెక్క ఉంది, అది ఇక్కడ రాయను. పోతూ పోతూ మంచి కేబుల్ కొనుక్కోమన్నాడు. 900 పెట్టి కొన్నాను కూడా. ఏమీ మారలేదు. తెరమీద బొమ్మ తెగిపోకుండా వస్తుంటే కేబుల్‌ని అనుమానించకండి. కేబుల్ డాల్బీ విజన్‌ని పుట్టించదు.

దారి చూపించింది మాత్రం అతని Vivid మోడే. దాన్ని తీసేద్దామని మెనూ తెరిస్తే మోడ్‌ల పేర్లన్నీ HDR అని మొదలవుతున్నాయి. టీవీ మాన్యువల్లో డాల్బీ విజన్ వస్తున్నప్పుడు ఆ పేర్లు Dolby Vision Dark, Dolby Vision Bright అని మారతాయని ఉంది. అంటే టీవీ చెయ్యగలదు, దానికి వచ్చిపడుతున్నదే హెచ్‌డీఆర్10. పంపేది ఎవరు? స్టిక్.

స్టిక్ అట్ట డబ్బా అల్మారా అడుగున దొరికింది. దాని మీద 4కే ఉంది, హెచ్‌డీఆర్10 ఉంది. డాల్బీ విజన్ లేదు. పాత టీవీకి అదే ఎక్కువ కాబట్టి అప్పుడు ఎవరూ చూడలేదు.

యాప్ చేసే పని ఇది. బొమ్మ మొదలు కాకముందే అది నడుస్తున్న పరికరాన్ని అడుగుతుంది: నువ్వు ఏ ఫార్మాట్ విప్పగలవు, నీకు తగిలించిన తెర ఏది చూపించగలదు, కాపీ రక్షణ ఏ స్థాయిలో ఉంది అని. అన్నిటికీ సరిపోయే ఫైలు తెప్పిస్తుంది. ఒక్కటి తప్పినా ఒక మెట్టు దిగి హెచ్‌డీఆర్10 ఇస్తుంది, లేదా మామూలు బొమ్మ ఇస్తుంది. దిగానని చెప్పదు. ఈ మౌనమే నా ఇరవై రెండు రోజులు తినేసింది. ప్లాన్ కూడా చూసుకోండి, నెట్‌ఫ్లిక్స్‌లో అయితే 4కే, హెచ్‌డీఆర్ ప్రీమియం ప్లాన్‌లోనే వస్తాయి. మాకు అది ఉంది.

నిన్న స్టిక్ పీకేసి, టీవీలోనే ఉన్న యాప్ తెరిచి లాగిన్ అయ్యాను. అదే సిరీస్ పేజీలో ఇన్నాళ్లూ HDR అని ఉన్నచోట Dolby Vision అని ఉంది. పెట్టాను. అడవి నల్లగానే ఉంది, కానీ లాంతరు లాంతరులా వెలిగింది, ఆ ఇద్దరిలో ఒకడికి గడ్డం ఉందని అప్పుడు తెలిసింది. ఇల్లంతా నిద్రపోతోంది. మా ఆయన్ని లేపి చూపించాను.

మీ టీవీలో ఆ యాప్ లేకపోయినా, మరీ నెమ్మదిగా ఉన్నా, స్టిక్ కొనేటప్పుడు డబ్బా మీద మీ టీవీ ఫార్మాట్ పేరు చూసి కొనండి. తర్వాత టీవీ సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుని పెద్ద సిగ్నల్‌కి మార్చాలి. దాని పేరు కంపెనీకొకటి, శాంసంగ్‌లో Input Signal Plus అని ఉంటుంది. మార్చకపోతే స్టిక్ మంచిదైనా టీవీ నాకంత రాదు అని దానికి చెబుతుంది.

పొద్దున్నే బరంపురంలో ఉన్న మరిదికి ఫోన్ చేసి గొప్ప చెప్పుకున్నాను. "మాది హెచ్‌డీఆర్10+ వదినా, మీదానికి లేదు" అన్నాడు. నిజమే. అది 2017లో శాంసంగ్, అమెజాన్ కలిసి తెచ్చిన ఫార్మాట్. శాంసంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, మాదాంట్లో హెచ్‌డీఆర్10+ లేదు. అతను చెప్పిన సినిమా ప్రైమ్‌లో పెట్టాను. అక్కడ ఆ సినిమాకి ఉన్నది హెచ్‌డీఆర్10+ ఒక్కటే, కాబట్టి మాకు మామూలు HDR దిగింది. ఈసారి ఎవరి తప్పూ లేదు. టీవీకి, యాప్‌కి మాత్రమే కాదు, ఆ సినిమాకి కూడా అదే ఫార్మాట్ ఉండాలి.

కాకపోతే అది మొదలవగానే తెరంతా బూడిద. ఒక్కో ఫార్మాట్‌కి పిక్చర్ మోడ్ వేరేగా గుర్తుంటుంది కదా, ఇంజినీరు పెట్టిన Vivid హెచ్‌డీఆర్‌లో అలాగే కూర్చుంది. మార్చబోతే అత్తయ్య రిమోట్ మీద చెయ్యి వేసి, "ఉండనీవే, ఆ అబ్బాయి బాగా పెట్టాడు" అంది.