అక్బర్: చెప్పకుండా వదిలేసిన 'కంటే'

జిల్‌హజ్ 9 ఫజర్ నుంచి 13 అసర్ దాకా 23 ఫర్జ్ నమాజుల తర్వాత తక్బీరె తష్రీఖ్ చదువుతాం. అందులో 'అల్లాహు అక్బర్' నాలుగుసార్లు వస్తుంది. సలామ్ తిప్పీ తిప్పకముందే దాన్ని గడగడా అనేసి చెప్పుల కోసం లేచేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ ఒక్క మాట దగ్గర కాస్త నిలబడదాం.

తెలుగులో దీన్ని చాలామంది 'అల్లాహ్ గొప్పవాడు' అని రాసేస్తున్నారు. అది 'కబీర్'కు సరిపోయే అర్థం, 'అక్బర్'కు చాలదు. కాఫ్, బా, రా అనే మూడు ధాత్వక్షరాలను 'అఫ్అల్' అచ్చులో పోస్తే ముందు 'అ' చేరుతుంది, కాఫ్ పొల్లవుతుంది, బాకు అకారం వస్తుంది. అలా కబీర్ కాస్తా అక్బర్ అవుతుంది. కరీమ్ నుంచి అక్రమ్, హసన్ నుంచి అహ్సన్ వచ్చింది ఇలాగే. మన తెలుగులో 'పెద్ద' ఎప్పుడూ పెద్దే. పోలిక కావాలంటే పక్కన 'కంటే' పెట్టుకోవాలి. అరబీలో పోలిక ఆ మాట కడుపులోనే ఉంటుంది.

దేనికంటే అన్నది చెప్పాలనుకుంటే 'మిన్' వస్తుంది. మద్యం, జూదం గురించి సూరా బఖరా 219లో 'వ ఇస్ముహుమా అక్బరు మిన్ నఫ్ఇహిమా' అని ఉంది: వాటి లాభం కంటే వాటి పాపం పెద్దది. ఇక్కడ 'మిన్' మన 'కంటే' చేసే పనే చేస్తుంది, కాకపోతే మాటకు ముందు కూర్చుంటుంది. దానికి రెండు ఆయతుల ముందు 'వల్ ఫిత్నతు అక్బరు మినల్ ఖత్ల్' అని ఉంది: చంపడం కంటే ఫిత్న పెద్దది. ఫిత్న స్త్రీలింగమైనా అక్బర్ మారలేదు. 'మిన్' ఉన్నచోట ఆ రూపం లింగవచనాలకు లొంగదు. ముందు 'అల్' చేరితే మారుతుంది, అక్బర్‌కు స్త్రీలింగం కుబ్రా. అందుకే సూరా నాజిఆత్‌లో పెద్ద సూచనను 'అల్ ఆయతల్ కుబ్రా' అన్నారు.

ఫజర్ అజాన్‌లోని 'అస్సలాతు ఖైరుమ్ మినన్నౌమ్'లో అఫ్అల్ అచ్చు కనిపించదు. 'ఖైర్' ముందరి 'అ'ను వదిలేసుకున్నా పని మాత్రం అదే చేస్తుంది. నమాజు మంచిది అనడం లేదు, నిద్ర కంటే మేలైనది అంటోంది. పక్క మీద ఉన్నవాడి చెవిలో పడాల్సింది ఆ 'కంటే'నే.

అందరిలోకెల్లా అని చెప్పాలంటే 'మిన్' తీసేసి, ఏ గుంపులో పోలుస్తున్నామో దాన్ని వెంటనే తగిలిస్తారు. 'అర్హముర్రాహిమీన్' అంటే కరుణించేవాళ్లందరిలోకీ మిక్కిలి కరుణామయుడు. సూరా హుజురాత్ 13లో 'ఇన్న అక్రమకుమ్ ఇందల్లాహి అత్ఖాకుమ్' అన్నప్పుడు రెండు అఫ్అల్‌లు ఎదురెదురుగా నిలిచాయి, రెండింటికీ 'కుమ్' అంటే 'మీ' తగిలింది. మీలోకెల్లా భయభక్తులు ఎక్కువున్నవాడే అల్లాహ్ దగ్గర మీలోకెల్లా గౌరవనీయుడు. 'భయభక్తులున్నవాడు గౌరవనీయుడు' అని అనువదిస్తే ఆ తూకమంతా పోతుంది.

ఇప్పుడు తక్బీర్ చూడండి. 'అల్లాహు అక్బర్'లో మిన్ లేదు, అల్ లేదు, వెనక ఏ గుంపూ లేదు. అచ్చు పోలికదే, పోల్చిన వస్తువు మాత్రం చెప్పలేదు. అక్బర్ అంటే ఇక్కడ కబీరే అన్న పండితులూ ఉన్నారు, 'మిన్ కుల్లి షయ్' (ప్రతి వస్తువు కంటే) అన్నది లోపల దాగి ఉందన్నవాళ్లూ ఉన్నారు. నా మనసు రెండోదాని వైపే మొగ్గుతుంది. పేరు పెడితే పోలిక ఆ ఒక్కదాని దగ్గరే ఆగిపోతుంది, పెట్టకపోతే దానికి హద్దు లేదు. సూరా అన్కబూత్ 45లో అల్లాహ్ స్మరణ గురించి చెప్పిన 'వలజిక్రుల్లాహి అక్బర్' కూడా ఇలాగే విడిచిపెట్టిన వాక్యం. రెండు రకాతుల్లో తక్బీర్ పదకొండుసార్లు వస్తుంది. ఆ పదకొండుసార్లూ మన బుర్రలో తిరుగుతున్న దుకాణం, అప్పు, కూతురి పెళ్లి, జేబులో వణికే ఫోను ఒక్కొక్కటీ ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటాయి. దీని కంటే, దీని కంటే కూడా. అలా అనుకుంటూ సజ్దాలోకి వంగి చూడండి నాయనా, అమ్మా.

ఇంత అర్థం మోస్తున్న మాటను పలుకులో పాడుచేసుకోవద్దు. మొదటి 'అ' సాగదీసి 'ఆల్లాహు' అంటే అది ప్రశ్న అవుతుంది: అల్లాహ్ గొప్పవాడా అని. 'అక్బార్' అని సాగదీస్తే అఫ్అల్ అచ్చే విరిగిపోతుంది. 'కబర్' అనే డోలుకు అది బహువచనమని ఫిఖహ్ గ్రంథాలు హెచ్చరిస్తాయి. నమాజు మొదలుపెట్టే తక్బీర్‌లో ఇలా పలికితే ఆ నమాజు మొదలైనట్టే కాదన్నారు. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా పసితనం నుంచే నోట నానిన తెలుగువాళ్లకు ఇది కష్టమే కాదు. తప్పు ఎక్కువగా సజ్దాలోకి దిగేటప్పుడు జరుగుతుంది: కిందికి చేరేదాకా గొంతు సాగాలని 'బా' మీద లాగుతారు. లాగడానికి చోటు అది కాదు, 'అల్లాహ్'లోని 'ల్లా'. అక్కడ దీర్ఘం ఉండనే ఉంది. 'అక్బర్' మాత్రం పొట్టిగా, రా పొల్లుతో తెగాలి.