సిలబస్ కాగితం ముందు పెట్టుకుని డీబీఎంఎస్ చదివాను

నాది జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్, ఆర్22 రెగ్యులేషన్. డీబీఎంఎస్ మొదటి మిడ్‌లో నాకు 30కి 9 వచ్చాయి. చదవక కాదు. సీనియర్ ఇచ్చిన ఆర్18 నోట్స్‌నూ, అతను చెప్పిన మార్కుల లెక్కనూ నమ్ముకున్నాను. ఆర్18లో ఇంటర్నల్ 25, ఎక్స్‌టర్నల్ 75. మనకు 40, 60. పైగా ఇంటర్నల్స్‌లోనూ కనీసం 14 రావాలి. రెగ్యులేషన్స్ పీడీఎఫ్ తెరిచి ఈ ముక్క చదివింది ఆ 9 వచ్చాకే.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. 40లో 30 రెండు మిడ్‌ల సగటు, 5 అసైన్‌మెంట్, 5 వైవా లేదా ప్రజెంటేషన్. పాసవ్వాలంటే ఎక్స్‌టర్నల్‌లో ఎలాగూ 21 తప్పదు, మొత్తం 40 కావాలి. అంటే ఇంటర్నల్స్ 19 ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 21 చాలు, 14తో సరిపెట్టుకుంటే అక్కడ 26 తెచ్చుకోవాలి. అసైన్‌మెంట్, వైవా కలిపి 8 వస్తాయనుకుంటే, 19 చేరడానికి మిడ్ సగటు 11 ఉండాలి. కాబట్టి రెండో మిడ్‌లో 13 రావాలి. ఈ అంకె తేలాక సగం టెన్షన్ పోయింది.

తర్వాత యూనిట్లు చూశాను. మొదటి మిడ్‌కి రెండున్నర యూనిట్లు, రెండో మిడ్‌కి మిగతా రెండున్నర. మూడో యూనిట్‌లో ఎస్‌క్యూఎల్ మొదట ఉంటుంది, నార్మలైజేషన్ తర్వాత. నేను మొదటి మిడ్‌కి ముందు నార్మలైజేషన్ మీద మూడు రోజులు పెట్టి, నెస్టెడ్ క్వెరీలు ఒక్కటీ రాసి చూడకుండా వెళ్లాను. సిలబస్‌లో ఆ యూనిట్ మధ్యలో పెన్సిల్‌తో ఒక గీత గీసి ఉంటే సరిపోయేది. ఆ గీత ఎక్కడ పడుతుందో మేడమ్‌ని ముందే అడగండి. క్లాసు ఎంతవరకు అయిందన్న దాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఎక్స్‌టర్నల్‌కి ఒకటి గట్టిగా చెబుతాను: యూనిట్ వదిలేయకండి. పార్ట్ ఎలో ఒక్కో యూనిట్ నుంచి రెండు ఒక మార్కు ప్రశ్నలు, పార్ట్ బిలో 10 మార్కులకు ‘ఇది లేదా అది’. ఛాయిస్ యూనిట్ లోపలే ఉంటుంది. ఐదో యూనిట్ పెద్దదని బి ప్లస్ ట్రీలతో సహా మొత్తం వదిలేస్తే 12 మార్కులు పోయినట్టే, వేరే యూనిట్ నుంచి ఇంకో ప్రశ్న రాసి పూడ్చుకోలేం. అందుకే ప్రతి యూనిట్‌లో సగం టాపిక్స్ అయినా లోతుగా చదివాను. నాలుగో దాంట్లో సీరియలైజబిలిటీ, లాకింగ్ రెండూ చూసుకుని, రికవరీ పైపైన వదిలాను.

రెండో మిడ్‌లో 21 వచ్చాయి. సగటు 15, పైన 8, మొత్తం 23. ఇప్పుడు సెమిస్టర్ మొదలైన వారంలోనే ఒక్కో సబ్జెక్టు సిలబస్ ప్రింట్ తీసి, పైన రెగ్యులేషన్ పేరు చూసి, మూడో యూనిట్‌లో గీత గీసి నోట్‌బుక్ మొదటి పేజీలో అంటిస్తున్నాను.