అరవైకి వస్తుందనుకున్న పెన్షన్ అరవై ఆరుకు దగ్గర్లో వచ్చింది: నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఆడవాళ్లకు అరవై ఏళ్లకే ప్రభుత్వ పెన్షన్ వస్తుందని, 2001లో నేను నర్సుగా లెస్టర్ వెళ్లినప్పుడు వార్డులో పెద్దవాళ్లంతా చెప్పేవారు. అది అబద్ధమేమీ కాదు, వాళ్లకు అరవైకే వచ్చింది. 1940 నుంచి అక్కడ మగవాళ్లకు 65, ఆడవాళ్లకు 60. భార్య వయసులో చిన్నదై ఉంటుంది కాబట్టి ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి పెన్షన్ మొదలవ్వాలన్నది అప్పట్లో చెప్పిన ఒక కారణం. కానీ 1950 ఏప్రిల్ 6కు ముందు పుట్టిన ఆడవాళ్లతోనే ఆ అరవై ఆగిపోయింది. నేను పుట్టింది 1954 ఆగస్టులో.

ఆడవాళ్ల వయసును మెల్లమెల్లగా 65కు తేవాలని 1995లోనే చట్టం చేశారు. 2010లో మొదలై 2020కి పూర్తవ్వాలి. ఒక నెల ఆలస్యంగా పుట్టినవాళ్లకు పెన్షన్ తేదీ రెండు నెలలు ఆలస్యమవుతుంది. ఆ లెక్కన నాది 2019 జనవరి 6. మేం దాన్నే నమ్ముకుని ఇంటి లెక్కలు వేసుకున్నాం. 2011లో ఇంకో చట్టం వచ్చింది. ఆడవాళ్ల 65ను 2018 నవంబరుకే ముగించి, ఆ వెంటనే ఆడా మగా అందరినీ 66 వైపు నడిపించింది. నా తేదీ ఏడాదిన్నర జరిగి 2020 జులై 6 అయింది. మా ఆయన 1952లో పుట్టారు కాబట్టి ఆయనకు ఈ గొడవే లేదు, 65 నిండగానే 2017లో పెన్షన్ మొదలైంది.

ఈ మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో మా సూర్యాపేట అక్కను చూస్తే తెలుస్తుంది. ఆమె కూడా ఇంగ్లండ్‌లో నర్సే. సర్టిఫికెట్‌లో ఆమె పుట్టిన తేదీ 1953 జులై 1. మనవైపు ఆ కాలం పిల్లలు చాలామందికి బడిలో చేర్చుకునేటప్పుడు సారు రాసిందే పుట్టిన తేదీ, ఆమెదీ అంతే. పెన్షన్ 2017 మార్చి 6న మొదలైంది. మా ఇద్దరి వయసుల మధ్య తేడా ఏడాది చిల్లర, పెన్షన్ తేదీల మధ్య తేడా మూడేళ్ల నాలుగు నెలలు. ఆమె ఇంకో వారం తర్వాత పుట్టినట్టు రాసి ఉంటే అక్కడికక్కడే నాలుగు నెలలు పోయేవి. "సారు పుణ్యమే చెల్లే" అని ఇప్పటికీ నవ్వుతుంది. పాస్‌పోర్టులో ఉన్న తేదీనే చూస్తారు, ఇంట్లో అమ్మ చెప్పే తిథి నక్షత్రాలు పనికిరావు.

అత్తమ్మకు బాగోలేక 2013లో నల్లగొండ వచ్చేశాం. అప్పటినుంచి ఆలోచనంతా ఒక్కటే: 2020 దాకా ఎలా నడపాలి? ఇక్కడ నన్ను ఆదుకున్నది ఎన్‌హెచ్‌ఎస్, అంటే నేను పనిచేసిన అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ, ఇచ్చే ఉద్యోగ పెన్షన్. అది ప్రభుత్వ పెన్షన్ కాదు, వేరే పథకం. ఇంగ్లండ్‌లో ఈ తేడా తెలియకనే చాలామంది తికమక పడతారు. నేను 2008కి ముందు చేరాను కాబట్టి నాది ఆ పథకంలో 1995 సెక్షన్ అనే పాత విభాగం. అందులో ఆడా మగా ఇద్దరికీ 60 ఏళ్లే. పన్నెండేళ్ల సర్వీసుకు జీతంలో ఎనభయ్యో వంతు చొప్పున లెక్క కట్టారు. జీతం సుమారు 24,000 పౌండ్లు కాబట్టి ఏడాదికి 3,600 పౌండ్లు, దానికి మూడింతలు ఒకేసారి చేతికి. ఆ 10,800 ఎఫ్‌డీలో వేశాం. ఒకే మనిషికి ఒక పెన్షన్ 2014లో, ఇంకొకటి 2020లో. రెండూ అరవైకే వస్తాయనుకుని ఇల్లు కట్టడం మొదలుపెట్టి ఉంటే మధ్యలో స్లాబు దగ్గరే ఆగిపోయేది.

పోగొట్టుకున్న ఏడాదిన్నర పెన్షన్‌కు నాకు దొరికిన బదులు ఒకటుంది. అక్కడి ప్రభుత్వ పెన్షన్ ఎంతన్నది జీతంలోంచి నేషనల్ ఇన్సూరెన్స్ అనే చందా కట్టిన సంవత్సరాల మీద ఉంటుంది. 2016 నుంచి కొత్త విధానంలో కనీసం పదేళ్లు ఉండాలి, పూర్తి పెన్షన్‌కు 35. నాకు పన్నెండే. పైగా ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉన్నవాళ్లం ఇన్సూరెన్స్ తక్కువ రేటుకు కట్టాం కాబట్టి పన్నెండేళ్లకూ పూర్తి వాటా రాదు. ఖాళీ సంవత్సరాలకు మనమే డబ్బు కట్టొచ్చు, దాన్ని క్లాస్ 3 అంటారు. విదేశంలో ఉన్నవాళ్లు CF83 ఫారం నింపి పంపాలి. అయితే పెన్షన్ వయసు వచ్చే ఏడాదికి ముందటి పన్ను సంవత్సరం వరకే కట్టనిస్తారు. పాత తేదీ ఉండి ఉంటే 2016 తర్వాతవి నాకు రెండు సంవత్సరాలే దొరికేవి. తేదీ జరగడంతో నాలుగు దొరికాయి. చివరి రెండింటికి కలిపి సుమారు 1,540 పౌండ్లు కట్టాం. ఒక్కో ఏడాదికీ వారానికి ఐదు పౌండ్ల చొప్పున పెన్షన్ పెరిగింది. 2016కి ముందటి ఖాళీలకు నా విషయంలో పెరిగేది అంతకంటే తక్కువ కాబట్టి వదిలేశాం. కట్టే ముందు ఫోర్‌కాస్ట్, అంటే మనకు పెన్షన్ ఎంత వస్తుందో చెప్పే అంచనా, తెప్పించుకోవడం తప్పనిసరి. ఏ ఏడాది కడితే ఎంత పెరుగుతుందో అందులో చూసుకోకుండా కడితే కొందరికి పైసా కూడా పెరగదు.

ఇక లాభనష్టాలు. 2019 జనవరిలో మొదలై ఉంటే వారానికి దాదాపు 60 పౌండ్లు వచ్చేవి. 78 వారాలకు 4,680. అంటే నాలుగు లక్షల రూపాయల పైమాటే పోయింది. 2020లో మొదలైంది కాబట్టి వారానికి 74 దగ్గర వస్తోంది. ఆ పద్నాలుగు పౌండ్ల తేడాలో పది నేను కొన్న రెండేళ్లవి. మిగతాది ఇండియాలో ఉన్నవాళ్ల కథ. ఇంగ్లండ్‌లో ఉంటే ఈ పెన్షన్ ఏటా పెరుగుతుంది. ఇండియాలో ఉంటే మొదలైన రోజు రేటు దగ్గరే గడ్డకట్టుకుపోతుంది. నాది 2020 రేటు, మా ఆయనది 2017 రేటు. ఆలస్యమైనందుకు నాకు కాస్త ఎక్కువ రేటు దొరికింది. పోయిన డబ్బు, నేను కట్టిన డబ్బు తిరిగి రావాలంటే 2029 మొదలు దాకా పడుతుంది. అప్పటికి నాకు 74 దాటుతాయి. కాబట్టి ఆలస్యం మంచిదే అయిందని నేను మాత్రం అనను.

క్లెయిమ్ విషయం తొందరగా చెప్పేస్తాను. తేదీకి నాలుగు నెలల ముందు నుంచి అడగొచ్చు. ఇంటర్నేషనల్ పెన్షన్ సెంటర్‌కు ఫారం కొరియర్ చేసిన కొద్దిరోజులకే లాక్‌డౌన్ వచ్చింది. ఆ నెలలన్నీ టెన్షనే. డబ్బు మాత్రం నల్లగొండ బ్యాంకు ఖాతాలోనే రూపాయల్లో పడింది. అప్పుడప్పుడు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ పంపమంటారు. అది ఆలస్యమైతే పెన్షన్ ఆగుతుంది.

మా మరదలి కూతురు ఇప్పుడు ఇంగ్లండ్‌లోనే నర్సు, 1976లో పుట్టింది. అరవై అనే మాట ఆమె దాకా కూడా ఎవరో మోశారు. ఇప్పుడున్న చట్టం ప్రకారం ఆమెకు 67, భర్త కూడా అదే ఏడాది పుట్టాడు కాబట్టి అతనికీ 67. ఇద్దరివీ ఒకేసారి మొదలవుతాయి కాబట్టి ఒకరి పెన్షన్ మీద ఇంకొకరు మధ్యలో బతికే వీలు వాళ్లకు లేదు. ఎన్‌హెచ్‌ఎస్‌లో తను ఏ సెక్షన్‌లో ఉందో, ఆ వయసు ఎంతో ముందు చూసుకోమన్నాను.