మందు వేసుకోవడం లేదని నిందించే ముందు అతని కాళ్ళు చూడండి

మా తమ్ముడికి స్కిజోఫ్రేనియా. ఎవరూ లేకపోయినా చెవిలో గొంతులు మాట్లాడుతున్నట్టు వినిపిస్తాయి. వ్యాధి నిర్ధారణ, ఆసుపత్రిలో చేర్చడం, మొదటి డిశ్చార్జి అన్నీ పెద్ద ఇబ్బంది లేకుండానే జరిగాయి. రిస్పెరిడోన్ అనే మందు 4 మిల్లీగ్రాములతో కొన్ని వారాల్లో గొంతుల జోరు తగ్గింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన సంరక్షణ ప్రణాళికలో మాత్రం రెండే ముక్కలు రాసి ఉన్నాయి: మందులు క్రమం తప్పకుండా వేయించాలి, మళ్ళీ వచ్చి చూపించాలి. ఇంట్లో ఆ జబ్బుతో బతికేవాళ్ళకు అది ఏ మూలకూ చాలదు. ఇప్పుడు మా ఇంట్లో అసలైన ప్రణాళిక ఉంది. అది చేతికి వచ్చేలోపు పడ్డ అవమానం నాకింకా మంటగానే ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ముందు భద్రత సంగతి. మొదటిసారి వార్డులో ఉన్నప్పుడు ఒక సీనియర్ నర్సు నన్ను పక్కన కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు నేర్పారు. ఆ గొంతులు ఏమంటున్నాయి? ఏదైనా చెయ్యమని ఆజ్ఞాపిస్తున్నాయా? ఎవరి పేరైనా చెబుతున్నాయా? అవి చెప్పినట్టు చెయ్యకుండా ఉండగలుగుతున్నాడా, ఎప్పుడైనా చేశాడా? మా అమ్మ భయపడిపోయింది, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని. అలా పుట్టదని సిస్టర్ గట్టిగా చెప్పారు. చచ్చిపోమని వినిపిస్తోందా అని తిన్నగా అడిగితే చాలామందికి ఆ బరువు ఇంకొకరితో పంచుకునే వీలు దొరుకుతుంది. తిడుతూ పోయే గొంతు వేరు, పని పురమాయించే గొంతు వేరు. రెండోది మొదలైందంటే, ముఖ్యంగా తాను దానికి ఎదురు నిలవలేకపోతున్నానని అతను అంటే, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు, అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి. నేను రోజూ సాయంత్రం ఆ ప్రశ్నలు మామూలు గొంతుతో అడగడం అలవాటు చేసుకున్నాను. మా ఇంట్లో ఆ పని చేసింది నేనొక్కదాన్నే. అది ఎంత పనికొచ్చిందో ముందుకు చెబుతాను.

ఇక అసలు గొడవ. గొంతులు కొద్దిగా మిగిలాయని మోతాదు 6 మిల్లీగ్రాములకు పెంచారు. కొద్ది రోజులకే తమ్ముడు కుదురుగా కూర్చోలేకపోయాడు. భోజనం మధ్యలో లేచి నడిచేవాడు. కూర్చుంటే కాళ్ళు ఊపడం, ఒకదాని మీద ఒకటి వేసుకుని మళ్ళీ తీసేయడం. నిలబడితే బరువు ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు మార్చుకుంటూ ఉండేవాడు. నేను నోటుబుక్కులో రాసిపెట్టాను: మోతాదు పెంచిన తేదీ, నడక మొదలైన తేదీ, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, గొంతులు ఏమన్నాయి.

ఆ పుస్తకం పట్టుకుని ఓపీకి వెళ్ళాను. మేము పిలుపు కోసం చూస్తున్నంతసేపూ తమ్ముడు వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. లోపల కూర్చున్న యువ డాక్టరు తలుపులోంచే అతన్ని చూసి, జబ్బు ముదిరింది, మందు సరిగ్గా పడటం లేదు అన్నారు. మందు నా చేతులతో నేనే ఇస్తున్నానండీ, ఈ నడక మోతాదు పెంచాకే మొదలైంది అన్నాను. పుస్తకం ముందు పెడితే చేత్తో పక్కకు నెట్టారు. వరసలో ఉన్నవాళ్ళంతా వింటుండగా, మీలాంటి ఇంటివాళ్ళు నిర్లక్ష్యం చేసి మా మీదకు తోస్తారు అన్నారు. దుష్ప్రభావం కావచ్చు కదా అంటే, దానికి ట్రైహెక్సిఫెనిడిల్ ముందే రాశాం, ఇంకేం దుష్ప్రభావం అన్నారు. మోతాదు 8 చేసి పంపేశారు. తమ్ముడి వంక తిరిగి ఒక్క ప్రశ్న అడగలేదు. నీకెందుకు నడవాలనిపిస్తోంది అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు. చదువు ఎంత ఉన్నా, ఎదుటి మనిషిని అడగని వైద్యం గుడ్డిదే. ఆ మాట నేను ఎక్కడైనా అంటాను.

8 మొదలయ్యాక రాత్రుళ్ళు కూడా నడకే. చెప్పుల అడుగులు ఒక పక్కకు అరిగిపోయాయి. మా నాన్నకు కోపం, అమ్మకు ఏడుపు. కొన్నాళ్ళకు కిటికీ చట్రం సందులో సగం కరిగి అంటుకుపోయిన మాత్రలు దొరికాయి. దవడకూ చిగురుకూ మధ్య దాచి, మేము అటు తిరగగానే తీసేస్తున్నాడు. నాన్న అరిచారు. తమ్ముడు ఒక్కటే మాట అన్నాడు: "అక్కా, అది వేసుకుంటే ఒళ్ళంతా లోపలి నుంచి తరుముతోంది."

మందు పడక గొంతులు తిరిగొచ్చాయి. ఒక సాయంత్రం నేను ఎప్పటిలాగే అడిగితే, మేడ మీదకు వెళ్ళి దూకమంటోందని చెప్పాడు. ఆగగలవా అంటే, తెలియదు అన్నాడు. ఆ గంటలోనే వార్డుకు తీసుకెళ్ళాం. దారంతా మాలో ఒక్కరే అతనితో మాట్లాడారు, ఎవరూ గొంతు పెంచలేదు.

అక్కడ ఆ సీనియర్ నర్సే ఉన్నారు. ఆవిడ చేసిన పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు. ఒక స్టూలు మీద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోమన్నారు. రెండు నిమిషాలు మాటల్లో పెట్టి కాళ్ళనే చూశారు. తర్వాత నిలబెట్టి మరో రెండు నిమిషాలు. ఆ తర్వాత అడిగారు: "లోపల ఎలా ఉంది నాన్నా? నడవమని గొంతు చెబుతోందా, కాళ్ళే ఆగడం లేదా?" తమ్ముడు, "గొంతు కాదు సిస్టర్. కాళ్ళ లోపల ఏదో తిప్పుతున్నట్టు ఉంది. నడిస్తేనే కాస్త నయం" అన్నాడు. ఆ జవాబుతో విషయం తేలిపోయింది. దీని పేరు అకథీసియా. ఈ రకం మందులు మొదలుపెట్టిన, లేదా మోతాదు పెంచిన కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లోపు రావచ్చు. పైకి అచ్చం జబ్బు ముదిరినట్టే కనిపిస్తుంది. అలా అనుకుని మోతాదు పెంచితే ఇంకా పెరుగుతుంది. తట్టుకోలేక మనిషి మందు మానేస్తాడు, కొందరికి చావాలన్న ఆలోచనలు కూడా వస్తాయి. అందుకే ఇది మందుల సమస్యే కాదు, భద్రత సమస్య కూడా.

ట్రైహెక్సిఫెనిడిల్ మాటా అప్పుడే తెలిసింది. చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం వంటివాటికి అది బాగా పనిచేస్తుంది, ఈ ఆగని కాళ్ళకు పెద్దగా పనిచేయదు. వార్డు డాక్టరు గారు మోతాదును మెట్లుగా తగ్గించి 4కు తెచ్చారు. ఆస్తమా లేదని అడిగి తెలుసుకుని, నాడి, రక్తపోటు చూసి, ఆ కాళ్ళ బాధ తగ్గడానికి ప్రొప్రనొలోల్ అనే మందు కొద్దికాలానికి రాశారు. ఆస్తమా ఉన్నవాళ్ళకు అది ప్రమాదం. కొన్ని రోజుల్లో తమ్ముడు ఒకచోట కూర్చుని భోజనం పూర్తి చేశాడు. దీన్ని చదివి ఎవరూ ఇంట్లో సొంతంగా మోతాదు తగ్గించకండి. ఒక్కసారిగా మానేస్తే గొంతులు ఎలా వస్తాయో మేము చూశాం.

నాన్న పట్టుబట్టారు, మాత్రలు దాచేవాడికి నెలకోసారి ఇచ్చే ఇంజెక్షనే సరి అని. సిస్టర్ తొందరపడొద్దన్నారు. ఒకసారి ఒంట్లోకి వెళ్ళిన ఆ మందు వారాల తరబడి నిలిచి ఉంటుంది, కాళ్ళ బాధ మళ్ళీ వస్తే వెనక్కి తీసుకోలేం. ముందు మాత్రలతో కుదుటపడాలి, ఆ తర్వాత అతనే రోజూ మాత్ర గొడవ వద్దనుకుంటే ఇంజెక్షన్ మంచి దారే. శిక్షగా ఇస్తే మాత్రం ఆసుపత్రి మొహం చూడటమే మానేస్తాడు. ఈసారి డిశ్చార్జికి ముందు ప్రణాళికను ఆవిడ తమ్ముడితోనే రాయించారు. అక్షరాలు వాడివే. నోటికి అంటగానే కరిగే మాత్రలు ఉంటాయని చెబితే వాడు అవే కోరుకున్నాడు. మాత్ర వేసుకున్నాక నోరు తెరిచి చూపించమని ఎవరూ అనకూడదు, పది నిమిషాలు నాతో కబుర్లు చెబితే చాలు. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు, నర్సుకు ఫోను చేయాలి. కాళ్ళు మళ్ళీ తరిమితే దాచడం కాదు, ఆ రోజే చెప్పాలి. మేము తిట్టం. ఈ చివరి మాట నాన్న చేత వాడి ఎదురుగానే అనిపించారు.

ఇంటివాళ్ళకు నేర్పడం అంటే కరపత్రం చేతిలో పెట్టడం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆవిడ మాతో ఆడించి మరీ నేర్పారు. తానే తమ్ముడిలా కూర్చుని, పక్కింటివాళ్ళు నన్ను తిడుతున్నారు అన్నారు. నాన్న వెంటనే, అదంతా నీ భ్రమ, మనసు గట్టి చేసుకో అన్నారు. అమ్మ, అవును పోనీలే, వాళ్ళంతే అంది. రెండూ పనికిరావు. మొదటిదానితో మనిషి నోరు మూసుకుంటాడు, రెండోదానితో భయం ఖాయమవుతుంది. చెప్పాల్సింది ఇది: "నాకు వినిపించడం లేదు. నీకు వినిపిస్తోందని నమ్ముతున్నాను. భయంగా ఉందా?" ఆ తర్వాత మాటను అతనికి నచ్చిన పనివైపు మళ్ళించాలి. తమ్ముడికి హెడ్‌ఫోన్సులో పాట వినడం, పైకి చదవడం పనిచేస్తాయి, గొంతు కాస్త వెనక్కి తగ్గుతుందట. ఇంట్లో ఎడతెగని విమర్శ, ప్రతి అడుగుకూ వెంటపడటం ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని కూడా నాన్నకు ముఖం మీదే చెప్పారు. నేను చెబితే ఎన్నడూ వినని మాట ఆయన అప్పుడు విన్నారు.

చివర్లో తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులు రాసుకున్నాం. అవి పుస్తకంలోవి కావు, వాడివే: రెండు రాత్రులు వరసగా నిద్ర లేకపోవడం, ఎవరూ లేనప్పుడు పెదవులు కదలడం, తలుపు గడియ పదేపదే చూసుకోవడం. ఇవి కనిపిస్తే ఆ వారమే చూపించాలి. ఆజ్ఞ వినిపిస్తే ఆ గంటలోనే బయలుదేరాలి. మాత్రల నిల్వ, కత్తులు తాళంలో ఉండాలి, మేడ తలుపు తాళం నా దగ్గర ఉండాలి. తమ్ముడిని మాత్రం గదిలో పెట్టి తాళం వేయకూడదు. కోపంగా ఉన్నప్పుడు ఒక్కరే మాట్లాడాలి, దూరంగా నిలబడాలి, తలుపుకు అడ్డం ఉండకూడదు.

మీరు ఓపీకి వెళ్ళేటప్పుడు తేదీలు రాసిన పుస్తకం తీసుకెళ్ళండి, ఎవరైనా పక్కకు నెడితే మళ్ళీ ముందుకు జరపండి. "ఇది అకథీసియా కావచ్చా, కూర్చోబెట్టి, నిలబెట్టి చూస్తారా?" అని ఆ పేరు పెట్టి అడగండి. వినకపోతే వార్డు నర్సును వెతుక్కోండి. మా తమ్ముడికి గొంతులు పూర్తిగా పోలేదు. సాయంత్రాల్లో ఒకటి సణుగుతూనే ఉంటుంది. దాని మాట వినాల్సిన పని లేదని ఇప్పుడు వాడే నాకు చెబుతున్నాడు, మాత్ర డబ్బా వాడి దగ్గరే ఉంది, వారానికి సరిపడా మాత్రమే.