మళ్లీ తెరుచుకున్న బగ్‌లు

హైదరాబాద్‌లో నేను టెస్టింగ్ లీడ్‌గా ఉన్నప్పుడు ప్రతి శుక్రవారం ఒక షీట్ పంపేవాణ్ణి. ఎడమవైపు డెవలపర్ పేరు, కుడివైపు అతను సరిచేసి మూసిన బగ్‌లలో ఎన్ని రీఓపెన్ అయ్యాయో ఆ లెక్క. అప్రైజల్ నెల వచ్చిందంటే ఫోన్లు మొదలయ్యేవి. "అన్నా, దాన్ని రీఓపెన్ చెయ్యకు, కొత్త బగ్ వెయ్యి, నీకు దండం పెడతా." వాళ్ల టెన్షన్ చూడలేక కొత్తదే వేసేవాణ్ణి. షీట్‌లో అంకె తగ్గేది, తప్పు మాత్రం అలాగే ఉండేది.

మ్యూనిక్ వచ్చి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే టీమ్‌లో చేరాక అదే షీట్ తయారుచేశాను. మేనేజర్ చూసి, ఇది ఎవరికీ పంపకండి అన్నాడు. జర్మనీలో ఉద్యోగి పనితీరుపై నిఘాకు పనికొచ్చే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నా, బెట్రీబ్స్‌రాట్ ఉన్న కంపెనీలో దాని ఒప్పుకోలు కావాలి. అది ఉద్యోగులు ఎన్నుకునే మండలి. "పేర్లు తీసేసి, ఆ చోట టికెట్లు పెట్టండి" అన్నాడు. ఆ పూట మనసు చివుక్కుమంది. కానీ పేర్లు పోయాకే టికెట్లను సరిగ్గా చదవడం మొదలుపెట్టాను.

మా బగ్ టికెట్లన్నీ ఉండే జిరాలో వెతికింది ఇలా:

```
issuetype = Bug AND status CHANGED FROM Closed TO Reopened
DURING ("2023/04/01", "2023/06/30 23:59")
```

మూడు నెలల్లో మూసినవి 120, వాటిలో తిరిగి తెరిచినవి 17. అంటే 14 శాతం. ఈ వెతుకులాటలో ఒక చిక్కుంది. ఒకే బగ్ మూడుసార్లు తెరుచుకున్నా జాబితాలో ఒక్కసారే కనిపిస్తుంది. ఎన్నిసార్లో తెలియాలంటే టికెట్ హిస్టరీ తెరవాల్సిందే.

అలా తెరిచిన వాటిలో ఒకటి, "ఫైల్ నుంచి బిల్లు మొత్తం తప్పుగా వస్తోంది" అన్న ఒక్క వాక్యం. జర్మన్లు 1.234,50 అని రాస్తారు, మా ప్రోగ్రామ్ దాన్ని ఒక యూరో చిల్లరగా చదివింది. సరిచేసి మూశారు. రెండు వారాలకు స్విట్జర్లాండ్ కస్టమర్ ఫైల్ వచ్చింది. అక్కడ వేలను విడదీయడానికి 1'234.50 అని రాస్తారు. మళ్లీ తెరిచి, సరిచేసి మూశారు. ఇంకో కస్టమర్ దగ్గర మూడోసారి తెరుచుకుంది. ఈసారి ఆ గుర్తు వంకర తిరిగిన ’ రూపంలో ఉంది. కంటికి రెండూ ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కి అవి వేర్వేరు అక్షరాలు. నా పాత షీట్‌లో అయితే ఇదంతా సరిచేసిన డెవలపర్ ఖాతాలో పడే తప్పే. నిజానికి టికెట్‌లో కస్టమర్ ఫైల్ లేదు, ఏయే దేశాల రాతకు పనిచేయాలో లేదు. మిగతా 16 కూడా చదివితే, ఏడింటిలో లోటు ఇదే. మూడు మాత్రం, సరిచేసిన బిల్డ్ టెస్ట్ సర్వర్‌కి చేరకముందే మూసినవి.

తర్వాతి మూడు నెలల్లో 110 మూస్తే 7 రీఓపెన్ అయ్యాయి. 6 శాతం! టీమ్ అంతా సంతోషపడింది. నాకు మాత్రం హైదరాబాద్ ఫోన్లు గుర్తొచ్చి, రిలీజ్ తర్వాత కస్టమర్లు చెప్పిన బగ్‌ల లెక్క తీశాను. అంతకుముందు 5 ఉన్నవి 12 అయ్యాయి. ఒక్కొక్కటీ చదివితే, ఆరు ఈ మూడు నెలల్లో మేం మూసిన ఆరు టికెట్లలోని తప్పులే. సపోర్ట్ వాళ్లు ప్రతి కాల్‌కీ కొత్త టికెట్ తెరుస్తారు, అందుకే అవి రీఓపెన్ లెక్కలోకి రాలేదు. పాత టికెట్లకు వాటిని లింక్ చేసి కలిపితే 110కి 13, దాదాపు 12 శాతం. మెరుగైంది నిజమే గానీ, సగానికి సగం తగ్గలేదు. ఇక్కడ ఎవరూ దాచిపెట్టలేదు, ఎవరినీ బతిమాలలేదు. అయినా ఒక్క అంకెనే చూస్తే అదే పొరపాటు జరిగింది.

మిగిలిన ఆరింటిలో నాలుగు జూన్ రిలీజ్‌వి. ఆగస్టులో ఇక్కడ చాలామంది సెలవులకు వెళ్తారు, మా కస్టమర్ల ఆఫీసులూ సగం ఖాళీ. వాడేవాళ్లు లేనప్పుడు బగ్ బయటపడదు. వాళ్లు సెప్టెంబరులో తిరిగొచ్చి చెబితే, ఆ నింద సెప్టెంబరు రిలీజ్ మీద పడింది. అందుకని ఇప్పుడు బగ్ చెప్పిన నెలను బట్టి కాకుండా, Affects versions చూసి ఏ రిలీజ్‌లో పుట్టిందో దాని కింద లెక్కిస్తున్నాం. ప్రతి రిలీజ్‌కీ 90 రోజులు పూర్తయ్యేదాకా అంకె బయటపెట్టం. జూలైలో వచ్చిన రిలీజ్‌కైతే ఆగస్టును ఆ 90లో కలపం.

మొన్న హైదరాబాద్ నుంచి, అప్పట్లో ఫోన్ చేసిన తమ్ముడే మళ్లీ చేశాడు. ఇప్పుడు తనే లీడ్. "అన్నా, నీ షీట్ ఇంకా నడుస్తోంది" అన్నాడు. పేర్ల కాలమ్ తీసేయమని చెప్పి, పై నుంచి ఇరవై టికెట్లు తెరిచి చదువుదామని ఆదివారం ఇద్దరం కూర్చున్నాం.