నా రవిచంద్రుల లెక్క ముప్పై తొమ్మిదో ఏట తేలింది

మొన్న ఆదివారం రాత్రి మా అవ్వ మంచం పక్కన కూర్చుని 1986 క్యాలెండర్ తిరగేస్తే నా అసలు పుట్టిన రోజు దొరికింది. ఆరు నెలలుగా నన్ను తిప్పలు పెట్టిన చిక్కు దాంతో విడిపోయింది. ఆ సంతోషం చల్లారకముందే రాసుకుంటున్నాను.

మొదట నా జబ్బు చెప్పాలి. ఎవరు ఏది అడిగినా సరేనంటాను. బంధువులు తిరుమల దర్శనానికి వస్తే స్టేషన్‌కు పోయి పిలుచుకొస్తాను, అలిపిరి దాకా దిగబెడతాను, వాళ్లు కొండ దిగేదాకా కనిపెట్టుకుని ఉంటాను. సరేనన్నప్పుడు ఆ మాట మనస్ఫూర్తిగానే అంటాను. రాత్రి పడుకున్నాక మాత్రం కడుపులో రాయి పడినట్టుంటుంది. ఈ రోజు పని చెడింది, లెక్కలు రాయలేదు, వీళ్లంతా నన్ను వాడుకుంటున్నారు అని కోపమొస్తుంది. పొద్దున లేచి ఇంకొకరికి మళ్లీ సరేనంటాను.

పాశ్చాత్య జ్యోతిషం చదివే స్నేహితుడొకడు ఇదంతా విని, నీ జాతకంలో రవిచంద్రుల మధ్య చతురస్రం ఉండాలన్నాడు. మన శాస్త్రంలోనూ రవి ఆత్మకారకుడు, చంద్రుడు మనఃకారకుడే. వాళ్లు ఆ ఇద్దరి మధ్య ఎన్ని డిగ్రీల దూరముందో కొలుస్తారు. తొంభై ఉంటే చతురస్రం, నూట ఇరవై ఉంటే త్రికోణం. అటూ ఇటూ ఎనిమిది డిగ్రీల దాకా సడలింపు ఇస్తారు. చతురస్రంలో ‘నేను ఇలాంటివాణ్ని’ అనుకునేది ఒకటి, లోపల మనసుకు కావలసింది ఇంకొకటి. త్రికోణంలో రెండూ ఒకే దారిన నడుస్తాయి.

సర్టిఫికెట్‌లోని తేదీ, 1986 జూన్ 17, సాయంత్రం ఆరున్నర అని ఫోన్‌లో కొట్టాను. నూట ఇరవైకి నాలుగు డిగ్రీలు తక్కువగా చూపించింది. అంటే త్రికోణం.

ఇక్కడే నా అవమానం మొదలైంది. అనుమానం తీర్చుకుందామని తిరుపతిలోనే పేరున్న ఒక సిద్ధాంతి దగ్గరికి పోయాను. వరండాలో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఆయన లాప్‌టాప్‌లో నా తేదీ వేసి, నలభై పేజీలు ప్రింటు తీసి, అందరికీ వినిపించేట్టుగా, “ఏమయ్యా, ఇంత ఒద్దికైన జాతకానికి మనసులో పోరెక్కడిది? నీకున్నది సోమరితనం. దానికి గ్రహాల పేరు చెప్పుకుంటున్నావు,” అన్నాడు. పక్కనున్న ఒకామె నవ్వింది. నేను తొంభై డిగ్రీల దృష్టి సంగతి ఎత్తాను. “రవికి నాలుగో చోటి మీద పూర్ణదృష్టి ఏ శాస్త్రంలో ఉంది? నాలుగూ ఎనిమిదీ కుజుడికి. రవికీ చంద్రుడికీ నిండుగా ఉండేది ఏడో చూపొక్కటే. సీమబడి చదువు తెచ్చి నా ముందు పెట్టొద్దు,” అన్నాడు. పూర్ణదృష్టుల విషయంలో ఆయన చెప్పింది నిజమే. నా దగ్గర జవాబు లేదు. తలొంచుకుని 1,116 పెట్టి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం లీలామహల్ సర్కిల్ దగ్గర టీ కొట్టులో గంటసేపు కూర్చున్నా మాట పెగల్లేదు. ఎంత కష్టపడినా సోమరి అనిపించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ పుండే.

అందుకే చెప్తున్నాను, నలభై పేజీల ప్రింటు ఇచ్చేవాళ్ల దగ్గరికి పోకండి. మొదటి మాటగా, “ఈ తేదీ నిజమైనదేనా నాయనా?” అని అడగని మనిషి ముందు దక్షిణ బయటికి తీయకండి. నాది తప్పుడు తేదీ. అయిదేళ్లు నిండితేగాని ఒకటో తరగతిలో చేర్చుకోమంటే, అక్టోబరులో పుట్టిన నాకు హెడ్మాస్టరే నాలుగు నెలలు వయసు కలిపి జూన్ రాసేశాడు. మా ఈడు వాళ్లలో సగం మందికి ఇదే కథ. ఉద్యోగానికి ఆ తేదీ చెల్లుతుంది. చంద్రుడికి చెల్లదు.

మా అవ్వకు ఎనభై ఏడు. పాకాల దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. ఇన్నేళ్లుగా ఎప్పుడడిగినా, “దసరా దినాల్లో పుట్టినావులే,” అని దాటేసేది. ఈసారి పట్టు విడవలేదు. చాలాసేపటికి, “శుక్రవారం నాయనా. దీపాలు పెట్టే పొద్దు. అష్టమి వచ్చేసుండాదని మీ తాత పంచాంగం చూసి చెప్పినాడు. అష్టమిలో మగబిడ్డ పుడితే మేనమామకు ఆగదంటారు. మీ అమ్మకు ఒగడే తమ్ముడు. అందుకే ఎవురికీ చెప్పలేదు,” అంది. చెప్పేటప్పుడు నా చేయి పట్టుకునే ఉంది.

ఆ మాటలు చాలు. 1986లో దసరా నవరాత్రులు అక్టోబరు 4, శనివారం మొదలయ్యాయి. ఆ తొమ్మిది రోజుల్లో శుక్రవారం ఒకటే వస్తుంది, అక్టోబరు 10. సాయంత్రం ఆరున్నరకు లెక్క వేస్తే రవి కన్యలో, చంద్రుడు ధనుస్సులో, మధ్య దూరం తొంభైకి ఆనుకుని ఉంది.

అప్పుడు తట్టింది, ఇది మన పంచాంగంలో ముందునుంచీ ఉన్నదేనని. రవికీ చంద్రుడికీ మధ్య పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. శుద్ధ అష్టమి ఎనభై నాలుగు నుంచి తొంభై ఆరు దాకా. తొంభై సరిగ్గా దాని నడిమధ్యన పడుతుంది. బహుళ అష్టమి కూడా అంతే, చంద్రుడు అవతలి వైపు ఉంటాడు. నూట ఇరవై శుద్ధ దశమి ముగిసి ఏకాదశి మొదలయ్యే చోట పడుతుంది. కృష్ణపక్షంలో ఆ చోటు పంచమికీ షష్ఠికీ నడుమ. తిథి తెలిస్తే ఏ యాప్ అక్కర్లేదు. ఇప్పుడు ఎవరైనా తిథి చెప్తే నిమిషంలో చెప్పేస్తాను. రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందనే అయనాంశ గొడవ కూడా లేదు. సాయనమైనా నిరయనమైనా ఇద్దరూ ఒకేలా జరుగుతారు కాబట్టి మధ్య దూరం మారదు. మా స్నేహితుడి పద్ధతిలో రవి తులకూ చంద్రుడు మకరానికీ పోతారు, తొంభై తొంభైలాగే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. క్యాలెండర్‌లో రోజుకు రాసేది సూర్యోదయానికి ఉన్న తిథి. నేను పుట్టిన రోజు పొద్దున సప్తమి ఉండి, తర్వాత అష్టమి వచ్చింది. కాబట్టి పుట్టిన వేళకు ఉన్న తిథే చూడాలి. ఆ దూరం ఒక డిగ్రీ మారడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. అరగంట తప్పయితే ఏమీ కాదు. రోజు తప్పితే మాత్రం జాతకం చేయి జారినట్టే. నా నాలుగు నెలల సంగతి ఇక చెప్పాలా?

తేదీ దొరకడానికి ముందే, సిద్ధాంతి మాట మీద కోపంతో, నెల రోజులు నోటుబుక్కు రాశాను. ఎడమ పక్క నేను ఇచ్చిన మాట, కుడి పక్క ఆ రాత్రి మనసెలా ఉందో. ఇప్పుడు వెనక్కి తిరిగి చదివితే తుల, మకరం కళ్లకు కట్టినట్టున్నాయి. ఎడమ పక్కంతా నలుగురినీ కలుపుకుపోయే మనిషి, ఎవరి మొహమూ చిన్నబోనివ్వడు. కుడి పక్కన ఉన్నది పని ముగిస్తేగాని అన్నం సహించని మనసు. ఒక రోజు చూడండి. మా బావమరిది రేణిగుంట దగ్గర ప్లాటుకు అప్పు తీసుకుంటూ నన్ను జామీను సంతకం అడిగాడు. ఎడమ పక్క, ‘సరే అన్నాను, అతను సంతోషపడ్డాడు’. కుడి పక్క, ‘పదకొండింటికి లేచి నా ఈఎంఐలు మళ్లీ లెక్క వేసుకున్నాను’. మూడో రోజు చిన్న విషయానికి పిల్లల మీద విరుచుకుపడ్డాను. చతురస్రం బయటపడేది ఇలాగే. పోరు ఒకచోట, అరుపు ఇంకొకచోట.

మా చెల్లెలు ముక్కోటి ఏకాదశి తెల్లవారుజామున పుట్టింది. దాని దూరం నూట ఇరవై మూడు. అదే బావమరిది దాన్నీ అడిగాడు. “నావల్ల కాదన్నా, ఏమీ అనుకోవద్దు,” అనేసి పొయ్యి మీద పాలు చూసుకోవడానికి పోయింది. రాత్రి హాయిగా నిద్రపోయింది. ఆయన కూడా ఏమీ అనుకోలేదు. మాటకూ మనసుకూ నడుమ సందు లేకపోతే అవతలివాడికి పట్టు దొరకదు.

అయితే త్రికోణాన్ని వరమని నేను అనను. అదే చెల్లెలు చిత్తూరులో పదకొండేళ్లుగా అదే అద్దె ఇంట్లో, అదే జీతంతో ఉంది. పై ఉద్యోగం పరీక్షకు ఫీజు కట్టి రెండుసార్లు పోలేదు. దానికి ఎక్కడా గుచ్చుకోదు కాబట్టి కదలాలన్న తొందర రాదు. నాకు రోజూ గుచ్చుకుంటుంది. నేను రెండు పరీక్షలు పాసయ్యాను, సొంత ఇల్లు కట్టాను. ఆ పని చేయించింది రాత్రిళ్లు పడిన ఆ రాయే.

ఇంకో మాట. ఎనిమిది డిగ్రీల సడలింపు పెట్టుకుంటే రెండు పక్షాల్లోనూ కలిపి నెలలో రెండున్నర రోజులకు పైగా పుట్టినవాళ్లందరికీ నా చతురస్రమే ఉంటుంది. కాబట్టి తలరాత మొత్తం ఇదేనని చెప్పేవాణ్ని నమ్మను. ఏ రాశుల మధ్య పోరు, దాని మీద గురుడి చూపో శని చూపో ఉందా అన్నది కూడా చూడాలి. నాకు ఇది పనికొచ్చింది ఒకే ఒక చోట. ఎవరైనా అడిగితే వెంటనే నోరు తెరవకుండా, “రేపు పొద్దున చెప్తాను,” అంటున్నాను. మకరంలో చంద్రుడు జవాబు చెప్పడానికి ఒక రాత్రి కావాలి. ఈ వారంలో మూడుసార్లు అలా అన్నాను, రెండుసార్లు పొద్దున కాదని చెప్పగలిగాను.

సిద్ధాంతికి జవాబు కూడా దొరికింది. బృహజ్జాతకంలో వరాహమిహిరుడు రవి నుంచి చంద్రుడు కేంద్రంలో ఉంటే వినయం, ధనం, జ్ఞానం, నేర్పు లాంటివి తక్కువనీ, పణఫరంలో ఉంటే మధ్యమమనీ, ఆపోక్లిమంలో ఉంటే ఉత్తమమనీ చెప్పాడు. నాలుగో రాశి కేంద్రం. అయిదు పణఫరం, తొమ్మిది ఆపోక్లిమం. దృష్టి అనలేదు, స్థానమన్నాడు, అంతే తేడా. రవి నుంచి చంద్రుడెక్కడున్నాడో కొలవడం సీమబడి చదువు కాదు. ఆ శ్లోకం కాగితం మీద రాసుకుని ఆ వరండాకు పోదామని రెండుసార్లు బండి తీశాను. ఎనిమిది మంది ముందు పోయిన పరువు ఒక శ్లోకంతో రాదనిపించి వెనక్కి తిప్పాను.

సర్టిఫికెట్‌లో తేదీ మార్చుకోవడం లేదు. మామకు మాత్రం ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయనకిప్పుడు అరవై ఎనిమిది, దామలచెరువులో మామిడితోట చూసుకుంటున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “మా అక్క నాకోసరం ఇన్నేండ్లు దాచిందా,” అన్నాడు. మా అమ్మ పోయి ఆరేళ్లయింది.